అప్‌డేట్: పని ఆలస్యమైందని గైడ్‌కి రాసిన మెయిల్

నా ప్రశ్న: "నా పరిశోధనకు చేసిన 60 ఇంటర్వ్యూల్లో 34కే కోడింగ్, అంటే జవాబుల్లోని భావాలకు పేర్లు పెట్టే పని, అయింది. సాకుల్లా అనిపించకుండా గైడ్‌కి ఎలా రాయాలి?"

మెయిల్ పంపేశాను. జ్వరం, పాత ల్యాప్‌టాప్ గోల మొత్తం తీసేశాను. అవి నిజమే అయినా అసలు కారణం కాదు. మొదటి వాక్యంలోనే లెక్క పెట్టాను:

"సర్, 60లో 34 పూర్తయ్యాయి, శుక్రవారం గడువు అందుకోలేను. 'భయం', 'సంకోచం' కోడ్‌లు కలిసిపోతున్నాయని 15 అయ్యాక గమనించి, వాటిని మళ్లీ చేశాను. అప్పుడే మీకు చెప్పాల్సింది, చెప్పలేదు, క్షమించండి. వారానికి 7 చొప్పున మిగతా 26కి నాలుగు వారాలు పడుతుంది. కోడ్‌బుక్ జతచేశాను. ఆ రెండు కోడ్‌లను కలిపేయమంటారా?"

'త్వరలో' అని మాత్రం రాయలేదు, దాన్ని ఏ తేదీగానైనా చదువుకోవచ్చు. సర్ జవాబు రెండే ముక్కలు: "కలపొద్దు. ఆ తేడా చూపే అయిదు ఉదాహరణలు సోమవారం పట్టుకురా."