పెళ్లి భోజనానికి విస్తరికి ఎన్ని కేలరీలో రాసి ఇమ్మన్నారు: నా లెక్క సరైనదేనా?

తెనాలి వడ్డన:
అందరికీ నమస్కారం. నేను పద్దెనిమిదేళ్లుగా పెళ్లి వంటలు ఒప్పుకుని చేస్తున్నాను. వచ్చే నెలలో 400 మందికి మధ్యాహ్న భోజనం ఉంది. పెళ్లికూతురి తండ్రిగారు వంటకాల పట్టీ ఖాయం చేసుకున్న తరువాత, ఒక్కొక్క విస్తరికి ఎన్ని కేలరీలు పడతాయో కాగితం మీద రాసి ఇమ్మని కోరారు. పట్టీలో అన్నం, ముద్దపప్పు, నెయ్యి, పులిహోర, బూరెలు, గారెలు, గుత్తివంకాయ, జీడిపప్పు వేసిన బెండకాయ వేపుడు, సాంబారు, వడియాలు, పెరుగు ఉన్నాయి. సరుకుల చీటీ ముందు పెట్టుకుని ప్రతి సరుకును కేలరీలలోకి మార్చి, మొత్తాన్ని 400తో భాగిస్తే విస్తరికి 2700 వచ్చింది. అందులో సగం ఒక్క నూనెదే. ఈ అంకె చూస్తే వారు బూరెలే తీసేయమంటారేమోనని దిగులుగా ఉంది. నా లెక్కలో తప్పు ఎక్కడుందో చెప్పగలరు.

లెక్కల లక్ష్మి:
నేనైతే వండిన పదార్థాన్నే తూచి లెక్క కడతాను. మా ఇంట్లో శుభకార్యానికి అలాగే చేశాను. ఒక మనిషి 400 గ్రాముల అన్నం తింటాడనుకుందాం. జాతీయ పోషకాహార సంస్థ వారు 2017లో తెచ్చిన పట్టికల్లో బియ్యానికి 100 గ్రాములకు 1491 అని ఉంది. ఆ లెక్కన అన్నమే దాదాపు 6000 అవుతుంది కాబట్టి మీ 2700 తక్కువేనని నా అనుమానం. బూరెల నూనె సంగతికి వస్తే, వేయించక ముందు ఒకసారి, వేయించిన తరువాత ఒకసారి తూచండి. పెరిగిన బరువే అవి పీల్చిన నూనె.

తార్నాక పాత విద్యార్థి:
లక్ష్మి గారూ, వండిన దానిని తూచాలన్న మీ ఆలోచన మంచిదే గాని, రెండు చోట్ల సర్దుబాటు కావాలి. ఆ పట్టికల్లో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. 1491ని 4.184తో భాగిస్తే 356 కేలరీలు వస్తాయి. అది కూడా బియ్యానికి సంబంధించిన అంకె, అన్నానిది కాదు. కిలో బియ్యం వండితే సుమారు రెండు ముప్పావు కిలోల అన్నం అవుతుంది గనుక, 100 గ్రాముల అన్నానికి 130 దగ్గర వేసుకోవాలి. బూరె మూకుడులో పడగానే పైపిండిలోని నీరు ఆవిరై పోతూ ఉంటుంది, ఆ ఖాళీలోకి నూనె చేరుతూ ఉంటుంది. అందువల్ల ఆరు గ్రాముల నూనె పీల్చిన బూరె కూడా తూకంలో పెరగకపోవచ్చు, ఒక్కొక్కసారి తగ్గనూ వచ్చు.

తెనాలి వారూ, మీరు సరుకుల చీటీ నుంచి మొదలుపెట్టడమే సరైన దారి, ఎందుకంటే మీ చేతిలో ఉన్న నమ్మదగిన తూకం అదొక్కటే. అయితే చీటీలో నూనె ఎంత రాశారో, ఎన్ని డబ్బాలు విప్పారో, చివరికి మూకుడులో ఎంత మిగిలిందో తెలియకుండా నూనె లెక్క తేలదు. కిలో నూనె అంటే 9000 కేలరీలు. ఇక్కడ పది కిలోలు తప్పితే విస్తరికి 225 తప్పుతుంది. కూరగాయల విషయంలో పది కిలోలు అటూ ఇటూ అయినా పట్టించుకోవలసిన పని లేదు.

ఇన్సులిన్ కోడలు:
మా మామగారికి ఇరవై ఏళ్లుగా షుగరు ఉంది. పోయిన ఏడాది ఒక పెళ్లిలో కేలరీల అట్టలు పెట్టారు. అవి చూసి ఆయన నెయ్యి మానేసి, అంకె తగ్గింది కదా అని పులిహోర రెండుసార్లు వేయించుకున్నారు. సాయంత్రం షుగరు చూస్తే మాకు భయం వేసింది. ఎన్ని కేలరీలన్నది మాకు అంతగా ఉపయోగపడదు. హస్తానికి ఎంత అన్నం వస్తుందో, బూరెలో ఎంత బెల్లం ఉందో తెలిస్తే మందు సర్దుకోగలం. ఆ పెద్దమనిషి ఈ లెక్క ఎందుకు అడిగారో ముందు కనుక్కోండి.

తెనాలి వడ్డన:
అమ్మా, మీరు చెప్పాక వారికి ఫోను చేశాను. వియ్యంకుడిగారికీ, మరి కొందరు పెద్దలకూ షుగరు ఉన్నందునే అడిగారట. ఆ మాట నేను మొదటే అడగవలసింది.

నిన్న దాదాపు ఇవే వంటకాలతో మరో 400 మందికి వండాము. 15 కిలోల నూనె డబ్బాలు నాలుగు తెప్పించాము. వేపుళ్లన్నీ అయ్యాక మూకుళ్లు చల్లారనిచ్చి, నూనె వడగట్టి తూయించాను. విప్పని డబ్బాతో కలిపి 31 కిలోలు మిగిలింది. అంటే వంటలో పోయినది 29 కిలోలు. నేను 60 కిలోలనూ విస్తళ్లకు పంచేసి 1350 వేసుకున్నాను గాని, అసలు నూనె వాటా 650 మాత్రమే. దానితో 2700 కాస్తా 2000కు దిగింది. గుండిగల్లో మిగిలిన అన్నం 38 కిలోలు ఉంది. దాన్ని తీసేస్తే ఇంకో 125 తగ్గింది.

బూరెకు విడిగా కట్టాను. 900 బూరెలకు బెల్లం 12 కిలోలు, శనగపప్పు 8, పైపిండికి బియ్యం, మినపప్పు కలిపి 4, పీల్చిన నూనె 6 కిలోలు. బూరెకు 150కి కాస్త పైన వస్తోంది.

తార్నాక పాత విద్యార్థి:
ఆ 29 కిలోలలో మూకుడు అంచుకు, చిల్లుల గరిటెకు, కాగితాలకు అంటినది కూడా ఉంటుంది కాబట్టి, మీ అంకె నిజం కంటే కొద్దిగా ఎక్కువే అవుతుంది. తూకం వేసిన పద్ధతి మాత్రం సరిగ్గా ఉంది. వియ్యంకుడిగారి కోసమైతే బూరె పక్కన పిండిపదార్థం కూడా రాయండి. మీ బెల్లం, పప్పు, పిండి కొలతల ప్రకారం అది బూరెకు 18 నుంచి 20 గ్రాములు ఉంటుంది.

తెనాలి వడ్డన:
చీటీ ఇలా రాశాను, చూసి చెప్పండి:

"అయ్యా, మీ పట్టీ ప్రకారం విస్తరికి సగటున సుమారు 1700 నుంచి 1900 కేలరీలు అవుతాయి. ఇది వాడిన సరుకును బట్టి కట్టిన సగటే గాని, ఏ ఒక్కరు తిన్న లెక్కా కాదు. ఒక హస్తం అన్నం మా తూకంలో 120 గ్రాములు. అందులో సుమారు 160 కేలరీలు, 35 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. ఒక బూరెలో 150కి పైగా కేలరీలు, 18 నుంచి 20 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. నెయ్యి చెంచాకు 45 కేలరీలు. షుగరు ఉన్న పెద్దలకు ఒక వరుస విడిగా ఏర్పాటు చేసి, అక్కడ ఒకే బూరె వేసి, అడిగితేనే రెండవది వడ్డిస్తాము."

లెక్కల లక్ష్మి:
కిలోజౌళ్ల సంగతి నాకు నిజంగా తెలియదు, చెప్పినందుకు కృతజ్ఞతలు. నాకు ఇంకా ఒక అభ్యంతరం ఉంది. చీటీలో పై అంకె మీ లెక్కలో తేలినదే గాని, 1700 అన్న కింది అంకె ఎక్కడి నుంచి వచ్చింది? నెయ్యి కూడా ఒకరు వద్దంటారు, మరొకరు నాలుగు చెంచాలు పోయించుకుంటారు. అలాంటప్పుడు సగటు వల్ల ఎవరికి మేలు?

తెనాలి వడ్డన:
1700 అన్నది విస్తళ్లలో వదిలేసే దాన్ని ఊహించి వేసింది, తూచింది కాదు. అందుకే ఈసారి మొదటి బంతి లేచాక ఆ విస్తళ్లలో మిగిలిన పదార్థాన్ని ఒక బకెట్లోకి తీయించి తూయిద్దామనుకుంటున్నాను.

తార్నాక పాత విద్యార్థి:
తూచే ముందు ఆకులు, కరివేపాకు, వంకాయ తొడిమలు వేరు చేయించండి. సాంబారు, పెరుగు కలిసిన అన్నంలో నీరే ఎక్కువ ఉంటుంది కాబట్టి, ఆ బకెట్టు బరువుకు అన్నం అంకె నేరుగా వేస్తే ఎక్కువ తీసేసినట్టవుతుంది. వేపుడు, బూరె, గారె ముక్కలను ఇంకో బకెట్లో పడేటట్టు చూసుకుంటే, కనీసం నూనె ఉన్న వాటి లెక్క విడిగా దొరుకుతుంది. నెయ్యి విషయంలో లక్ష్మి గారి అభ్యంతరానికి నా దగ్గర కూడా జవాబు లేదు. చెంచా లెక్క రాసి వదిలేయడం తప్ప మరో దారి తోచడం లేదు.