కల్చర్ పాజిటివ్ వస్తే యాంటీబయాటిక్ వాడాల్సిందేనా?

పెద్దకోడలు: అత్తయ్యకి 78 ఏళ్లు. నాలుగు రోజులుగా తికమకగా మాట్లాడుతున్నారు. జ్వరం లేదు, మూత్రంలో మంట లేదు. మూత్రం కల్చర్‌లో ఈ.కోలై బ్యాక్టీరియా లక్షకు పైగా, పస్ సెల్స్ 15-20. ఒక డాక్టర్ యాంటీబయాటిక్ రాశారు, ఇంకొకరు వద్దన్నారు. ఎవరి మాట వినాలి?

సూక్ష్మదర్శిని: ల్యాబ్‌లో పనిచేస్తాను. లక్ష దాటితే ఇన్ఫెక్షనే అండీ. పస్ సెల్స్ కూడా ఉన్నాయిగా. కిడ్నీకి ఎక్కేదాకా ఆగడం దేనికి?

వార్డు రౌండ్స్: లక్ష దాటిందంటే ఆ బ్యాక్టీరియా శాంపిల్ తీసేటప్పుడు కలిసింది కాదు, మూత్రసంచిలోదే అని నమ్మొచ్చు. అంతవరకే. అది జబ్బు చేస్తోందో, ఊరికే కాపురం ఉంటోందో ఆ అంకె చెప్పదు. వృద్ధాశ్రమాల్లోని ఆడవాళ్లకి కల్చర్ చేస్తే పాతిక నుంచి యాభై శాతం మందికి ఏ బాధా లేకుండానే పాజిటివ్ వస్తుంది. వాళ్లలో ఎక్కువమందికి పస్ సెల్స్ కూడా ఉంటాయి. మందు వాడితే కొన్ని వారాలు పోయి మళ్లీ చేరతాయి, ఈసారి ఆ మందుకి లొంగనివి. విరేచనాలు అదనం.

పెద్దకోడలు గారూ, తికమక మొదలయ్యే ముందు కొత్త మాత్ర ఏదైనా వేశారా? విరేచనం సాఫీగా అవుతోందా? నీళ్లు తాగుతున్నారా? ఎక్కడైనా పడ్డారా? చలిజ్వరం, నడుం పక్క నొప్పి, కొత్తగా మంట, బీపీ పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పైపుతో నాన్న: మా నాన్నకి ఏడాదిగా మూత్రం పైపు ఉంది. వాసన వచ్చినప్పుడల్లా కల్చర్ చేయిస్తున్నాం, ప్రతిసారీ పాజిటివే. మందులు మార్చి మార్చి విసిగిపోయాం.

వార్డు రౌండ్స్: అన్నాళ్లు పైపు ఉంటే పాజిటివ్ రాకపోతేనే ఆశ్చర్యం. వాసనకి కల్చర్ వద్దు. జ్వరం వస్తే ముందు పైపు మార్చి, కొత్త పైపులోంచి శాంపిల్ తీయమనండి.

పెద్దకోడలు: జలుబుకి నిద్రొచ్చే మాత్ర వారంగా వేస్తున్నాం. ఐదు రోజులుగా విరేచనం లేదు. స్కాన్ చేస్తే మూత్రం పోశాక కూడా సంచిలో 400 మి.లీ. మిగిలింది! ఆ మాత్ర ఆపించి, మలబద్ధకానికి మందిచ్చారు. మూడో రోజుకి మనుషుల్ని గుర్తుపట్టి మాట్లాడారు. యాంటీబయాటిక్ వేయలేదు.

సూక్ష్మదర్శిని: సరే, ఇక్కడ మాత్ర దొరికింది. మతిమరుపు ముదిరి మంట ఉందో లేదో చెప్పలేని మనిషైతే?

వార్డు రౌండ్స్: అదే కష్టం. జ్వరం లేక, బీపీ నిలకడగా ఉంటే ఒకటి రెండు రోజులు దగ్గరుండి గమనిస్తూ మిగతా కారణాలు వెతుకుతాం. అయినా ఒక్కోసారి టెన్షన్‌తో నేనూ మందు మొదలుపెట్టాను. అది సరైన పనేనా అంటే గట్టిగా చెప్పలేను. గర్భిణుల సంగతి, మూత్రనాళంలో రక్తం వచ్చేలా ఆపరేషన్ చేసే ముందు సంగతి వేరు, అక్కడ బాధ లేకపోయినా వైద్యం చేస్తాం.

సూక్ష్మదర్శిని: రిపోర్టు మీద అదంతా రాయం కదా సార్. "పాజిటివ్" అనే వెళ్తుంది.

పెద్దకోడలు: ఆ కాగితం ఇంకా ఫైల్లోనే ఉంది. నిన్న చూడ్డానికి వచ్చిన మరిది "మందెందుకు వేయలేదు వదినా?" అని అడగనే అడిగాడు.