"నాకు ఇష్టమైన రంగేదో చెప్పు", "నేనెలాంటి దాన్నో చెప్పు" అని అడిగితే ఏమంటున్నారు?

శ్రావణమేఘం: మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పిన్ని కూతుళ్ళు, మేనకోడళ్ళు రాత్రి భోజనాలయ్యాక ఈ ప్రశ్నలతో ఆట మొదలుపెడుతున్నారు. రంగు విషయంలో ఏదో ఒకటి చెప్పవచ్చు గాని, "నేనెలాంటి దాన్ని" అని అడిగిన పిల్ల మాత్రం జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తుంది. మీరెలా చెబుతున్నారు?

రామచిలుక: రంగు చెప్పడం తేలికే. ఎక్కువగా ఏ రంగు బట్టలు వేసుకుంటారో అదే వారికి ఇష్టమైన రంగు.

పాతలెక్చరర్: అది కొంతవరకే నిజమండీ. బట్టలను ఒంటికి నప్పుతుందనో, మాపు కనిపించదనో, అమ్మ కొన్నదనో వేసుకుంటాం. అన్ని రంగులూ ఒకే ధరకు దొరికేచోట తనకోసం తాను ఎంచుకున్న వస్తువులను, అంటే ఫోను కవరును, నీళ్ళ సీసాను, సంచిని చూడండి. ఏ ఆధారమూ లేకపోతే నీలం అనండి. చాలా దేశాల సర్వేల్లో మొదట నిలిచే రంగు అదే.

రెండో ప్రశ్నకు మాత్రం జాగ్రత్త అవసరం. 1948లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బెర్ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఫలితమంటూ ఎవరి కాగితం వారికి ఇచ్చారు. ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమంటే సగటు 4 దాటింది. నిజానికి అన్ని కాగితాల్లోనూ ఉన్నది ఒకటే, ఆ వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి తీసినవి. "పైకి నిబ్బరంగా ఉంటావు, లోలోపల దిగులు పడతావు" అంటే కాదనేవారు ఎవరుంటారు? మీరు రాసిన వాక్యంలో పేరు మార్చి, గ్రూపులో ఇంకొకరికి పెట్టి చూడండి. అప్పుడూ అతికితే ఆ వాక్యాన్ని వదిలేయండి.

విజయనగరంకోడలు: మా అమ్మాయిది రోహిణీ నక్షత్రం. ఏ రంగు కలిసివస్తుందో చెప్పగలరా?

రామచిలుక: అమ్మా, ఇక్కడి ప్రశ్న కలిసివచ్చే రంగు గురించి కాదు, మనసుకు నచ్చిన రంగును ఊహించడం గురించి.

శ్రావణమేఘం: లెక్చరర్ గారూ, మీరన్నట్లే చేశాను. మేనకోడలికి "నువ్వు మంచిదానివి" అని రాయబోయి, దాన్ని తీసేసి ఇలా రాశాను: "మొన్న పెళ్ళిలో రెండో బంతికి అందరం కూర్చుంటుంటే, కారులోనే ఉండిపోయిన డ్రైవరును పిలుచుకొచ్చి నీ విస్తరి ముందు కూర్చోబెట్టి, నువ్వు మూడో బంతికి ఆగావు. ఎవరు మిగిలిపోయారో చూసే మనిషివి నువ్వు." అది ఎవరూ గమనించలేదనుకున్నానని ఆమె వెంటనే ఫోను చేసింది. మరి లోపాలు అడిగితే?

పాతలెక్చరర్: నలుగురిలో వద్దండీ, విడిగా అడిగితేనే చెప్పండి.

రామచిలుక: నేను ఒప్పుకోను. ఆలస్యంగా రావడంలాంటివి ఇంటిల్లిపాదికీ తెలిసినవే కదా, వాటిని కూడా దాటేస్తే మనం చెప్పిన మంచిమాటలను ఎవరు నమ్ముతారు?

పాతలెక్చరర్: పదిహేనేళ్ళ పిల్లకూ, ముప్పై ఏళ్ళ మనిషికీ అది ఒకేలా తగలదు. అడిగిన పిల్ల వయసెంతో చెప్పండి, శ్రావణమేఘం గారూ.