కథలో డిపార్ట్‌మెంటల్ టెస్టు సన్నివేశం: రాసినవాళ్లు చెప్పండి

చిత్తూరు తహసీల్దార్ ఆఫీసు జూనియర్ అసిస్టెంట్ మీద చిన్న కథ ఇది. ప్రమోషన్ కోసం ఏపీపీఎస్సీ డిపార్ట్‌మెంటల్ టెస్టుకు రాత్రిళ్లు చదువుతూ, ప్రమోషన్‌లో కొత్త జీతం లెక్కగట్టే ఎఫ్‌ఆర్ 22-బి నియమం దగ్గర ఆగిపోతాడు. ముందుగా కింది పోస్టు జీతానికి ఒక నోషనల్ ఇంక్రిమెంటు కలపాలి, ఆ తర్వాతే పై స్కేలులో పై మెట్టు చూడాలి. అతను కలపకుండానే పై స్కేలుకు వెళ్లి లెక్క తప్పుతుంటాడు.

పుస్తకం చూసి రాసే పేపరే కాబట్టి, "అన్నీ రాసిపెట్టినాను, తీసుకుపో నాయనా" అని సహోద్యోగి తన పాత పుస్తకం ఇస్తాడు. అంచుల్లో పెన్సిలు జవాబులు. 22-బి లెక్కలో అక్కడా ఇంక్రిమెంటు కలపలేదు!

ఈ మలుపు నమ్మేలా ఉందా? హాలు గేటు దగ్గర పేజీలు తిప్పి చూస్తారా, అట్ట చూసి పంపిస్తారా? కథ ముగింపు దాని మీదే ఆధారపడింది.