గోదావరి ఉపనదులకు కోడ్ పెట్టుకోవాలా, మ్యాప్ చూడాలా?

హన్మకొండ రీడింగ్ రూమ్: గ్రూప్-2 పాత పేపర్లలో గోదావరి కుడి, ఎడమ ఉపనదులు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. కుడికి ‘ప్ర-మం-మా-కి’ అని కోడ్ పెట్టుకున్నా. మాక్ టెస్టులో ‘ప్ర’ అంటే ప్రవరా, ప్రాణహితా అని ఆగిపోయా. ఈ కోడ్లు దండగేనా?

ధర్మపురి వాసి: దండగే. గోదావరి తూర్పుకు పోతుంది కాబట్టి ఉత్తరం నుంచి వచ్చేవి ఎడమ, దక్షిణం నుంచి వచ్చేవి కుడి. ఇంక కోడ్ ఎందుకు?

పాత అభ్యర్థి: మీ ధర్మపురిలోనే గోదావరి దక్షిణ వాహిని కదా, అక్కడ ఎడమ అంటే తూర్పు! నీళ్లు పోయే వైపు ముఖం పెట్టి చూసుకోవాలి. అయినా ప్రవర ఎక్కడ ఉందో తెలియనివాడికి దిక్కులు తెలిసి ఏం లాభం?

తమ్ముడూ, తప్పు కోడ్‌ది కాదు, మొదటి అక్షరాలది. రెండు పేర్లు ఒకే అక్షరంతో మొదలైతే ఆ అక్షరం పనికిరాదు. పేరు సగమైనా వినబడే వాక్యం కట్టు. నాది ఇది: ‘ప్రవరుడు మంజీరాలు మానేసి కుడిచేత కిన్నెర పట్టాడు.’ ప్రవర, మంజీర, మానేరు, కిన్నెరసాని. ఎగువ నుంచి దిగువకు అదే వరుస. ‘కుడి’ కూడా వాక్యంలోనే ఉంది, అది లేకపోతే లిస్టు గుర్తుండి వైపు మర్చిపోతావు. ఎడమకు ‘పూర్ణమ్మ ప్రాణం ఇంద్రుడిదా, శబరిదా?’ అనుకునేవాణ్ని. అంత బాగాలేదు, కానీ ప్రాణహిత ఇటే అని తేలిపోయింది.

నిజామాబాద్ అక్క: మంజీర మా దగ్గర ఉత్తరానికి పారుతుంది. మరి ఎడమ కాదా?

పాత అభ్యర్థి: కాదక్కా. ఎటు పారుతుందని కాదు, ఎటు నుంచి వచ్చి కలుస్తుందని చూడాలి. కందకుర్తి దగ్గర దక్షిణం నుంచే వచ్చి కలుస్తుంది.

నర్సంపేట అన్న: మా చెల్లె బైపీసీ. కపాల నాడులు 12, అందులో మొదటి మూడూ ‘ఆ’తోనే మొదలు. అదీ ఇదే గోల. వాసన, చూపు, కంటి కదలిక అని పని పట్టుకుంటే కుదిరింది.

హన్మకొండ రీడింగ్ రూమ్: వాక్యం బాగుంది. అయితే కుడివి నాలుగు గుర్తుంటే మిగిలినవన్నీ ఎడమేనా?

పాత అభ్యర్థి: అక్కడే మోసపోతావు. సింధ్‌ఫణ కూడా కుడిదే, నా వాక్యంలో లేదు. పెన్‌గంగ ఆప్షన్‌లో కనబడితే నేరుగా గోదావరిలో వేయకు, అది వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ కలిస్తే ప్రాణహిత. పేపర్లో వరుస అడగరు, ‘ఎడమ వైపు కలవనిది ఏది’ అంటారు. అందుకే పేర్లు చీటీల మీద కలగాపులగంగా రాసుకుని, ఒక్కోటి తీసి వైపు చెప్పి చూసుకో. ప్రతిదానికీ వాక్యం మొదటి నుంచి చదవాల్సి వస్తే ఇంకా నోటికి రానట్టే.

ధర్మపురి వాసి: కాళేశ్వరం పోయి ప్రాణహిత ఎటు నుంచి వస్తుందో ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోరు. నేను మాత్రం మ్యాపే అంటా.

హన్మకొండ రీడింగ్ రూమ్: ప్రవరను చూడాలంటే మహారాష్ట్ర పోవాలి కదన్నా!