హాబ్స్, లాక్, రూసో: పాలకుడు హద్దు మీరాడని తేల్చవలసింది ఎవరు?

కొత్త పాఠకురాలు (ప్రశ్న): పోటీ పరీక్ష కోసం రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. మనిషి స్వభావతః స్వార్థపరుడని హాబ్స్, వివేకవంతుడని లాక్, అమాయకుడని రూసో భావించారు కాబట్టే ముగ్గురూ మూడు రకాల ప్రభుత్వాలను సమర్థించారని నా నోట్సులో ఉంది. ప్రభుత్వాధికారం విషయంలో వారి మధ్య తేడాకు నిజంగా ఇదొక్కటే కారణమా?

గోదావరి గట్టు: మీ నోట్సులో ఉన్నది చాలావరకు సరైనదేనమ్మా. దానికి వారి కాలాన్ని కూడా చేర్చుకోండి. హాబ్స్ అంతర్యుద్ధాన్ని చూశారు. 1649లో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్‌కు శిరచ్ఛేదం జరిగిన రెండేళ్లకు ఆయన గ్రంథం ‘లెవయతన్’ వెలువడింది. అంత రక్తపాతం చూసినవారికి మనిషి క్రూరుడిగా కనిపించడంలోనూ, అతన్ని అదుపు చేయడానికి నిరంకుశుడైన రాజు కావాలనిపించడంలోనూ వింత లేదు. లాక్ రాజు రెండో జేమ్స్‌ను గద్దె దించిన 1688 విప్లవాన్ని సమర్థించడానికి రాశారు కనుక ఆయన మనిషి సౌమ్యుడయ్యాడు.

పాత లైబ్రరీ: గట్టుగారు కాలాన్ని గుర్తుచేయడం మంచిదే. అయితే ఆ వాదం రెండు చోట్ల నిలవదు. లాక్ గ్రంథం 1689 చివర అచ్చయిన మాట నిజమే కానీ, అందులో ఎక్కువ భాగం అంతకు చాలా ఏళ్ల ముందే, రెండో జేమ్స్‌కు సింహాసనం దక్కనీయరాదన్న వివాదం నడుస్తున్న రోజుల్లో రాసిందని పరిశోధకులు చాలామంది అంగీకరిస్తారు. ఇక హాబ్స్ కోరింది తప్పనిసరిగా రాజును కాదు. సార్వభౌమాధికారం ఒక సభ చేతిలో ఉన్నా ఆయన సిద్ధాంతానికి లోటు రాదు.

అసలు విషయానికి వస్తే, మనిషి చెడ్డవాడన్న మాటపై హాబ్స్ తన వాదాన్ని నిలపలేదు. మనిషి కోరికలు వాటంతట అవి పాపం కావని ఆయనే అంటారు. ఆయన చెప్పేదేమిటంటే, ప్రభుత్వమే లేని చోట ఎంత బలవంతుణ్నయినా బలహీనుడు కుట్రతోనో తోడుతోనో చంపగలడు కనుక ఎవరికీ పూర్తి భద్రత లేదు. తనకు ప్రమాదం ఉన్నదో లేదో ఎవరికి వారే తేల్చుకోవాలి. పక్కవాడు ఎలాంటివాడో తెలియనప్పుడు, ఉన్నదానితో తృప్తిపడే సాధువు కూడా ముందుగా దెబ్బ తీయడమే క్షేమమనుకుంటాడు. కలహానికి పోటీ, అపనమ్మకం, కీర్తికాంక్ష అనే మూడు కారణాలను ఆయన చెప్పారు. వాటిలో అపనమ్మకం ఒక్కటి చాలు, మంచివాళ్ల మధ్య కూడా యుద్ధం రావడానికి.

లాక్ చెప్పింది దీనికి మనం అనుకునేంత దూరంలో లేదు. ప్రభుత్వం ఏర్పడక ముందటి ప్రకృతి స్థితిలోనూ ధర్మం ఉంటుందని, ఇతరుల ప్రాణానికి, స్వేచ్ఛకు, ఆస్తికి హాని చేయరాదని వివేకం చెబుతుందని ఆయన అంటారు. కానీ ఆ ధర్మాన్ని ఉల్లంఘించినవాణ్ని శిక్షించే హక్కు ప్రతి ఒక్కరికీ ఉన్నందువల్ల, ఎవరి వ్యాజ్యంలో వారే న్యాయమూర్తులై పక్షపాతం చూపుతారు. అందుకే అందరికీ తెలిసిన చట్టం, నిష్పక్షపాతమైన న్యాయమూర్తి, తీర్పును అమలు చేసే బలం కావాలి. అంటే ఇద్దరూ చూసిన రోగం తీర్పరి లేకపోవడమే. తేడా వచ్చేది ఆ తీర్పరే తప్పు చేసినప్పుడు ఏమవుతుందన్న దగ్గర.

రూసో ఇద్దరినీ ఒకే కారణంతో తప్పుపట్టారు. 1755లో అసమానతపై రాసిన గ్రంథంలో ఆయన ఆదిమ మానవుడు ఒంటరి, కరుణ గలవాడు, పోల్చుకోవడానికి పక్కవాడే లేనివాడు. అహంకారం, అపనమ్మకం, ఆస్తి తగాదాలు సమాజంలో పుట్టిన తరువాతివని, హాబ్స్ వాటిని తీసుకెళ్లి అడవి మనిషికి అంటగట్టారని రూసో ఆక్షేపణ. ఆ గ్రంథంలో ప్రభుత్వాన్ని ఏర్పరచే ఒడంబడికను ప్రతిపాదించేది తన ఆస్తికి రక్షణ కోరుకున్న ధనవంతుడు. పేదలు దానిలోని మోసాన్ని గ్రహించకుండా ఒప్పుకుంటారు. న్యాయమైన ఒడంబడిక ఎలా ఉండాలో 1762 నాటి ‘సామాజిక ఒడంబడిక’ గ్రంథం చెబుతుంది. ఈ రెండింటినీ కలిపేసి చదివితే రూసో అర్థం కారు.

మూడో అంతస్తు: నా సమస్య కూడా ఇలాంటిదే. మా అపార్ట్‌మెంట్ కమిటీవారు సర్వసభ్య సమావేశం పెట్టకుండానే మెయింటెనెన్స్ పెంచారు. నేను ఏ ఒప్పందంపైనా సంతకం చేయలేదు. లాక్ ప్రకారం వారు ఒడంబడికను ఉల్లంఘించినట్లే కదా, నేను కట్టడం మానేయవచ్చా?

పాత లైబ్రరీ: సంతకం లేకపోవడం లాక్ దగ్గర మీకు అక్కరకు రాదండీ. దేశంలో ఆస్తి అనుభవించేవాడే కాదు, రహదారిపై స్వేచ్ఛగా ప్రయాణించేవాడు కూడా అక్కడి ప్రభుత్వానికి మౌనంగా సమ్మతించినట్లేనని ఆయన అంటారు. ఆయన వాదంలో నాకు అత్యంత బలహీనంగా కనిపించే చోటు అదే. పోతే, మీకూ కమిటీకీ పైన సివిల్ కోర్టు ఉంది. ఇక్కడ మనం చర్చిస్తున్నది పైన ఏ కోర్టూ లేనప్పటి సంగతి.

అందుకు 1689 జనవరిని చూడండి. రెండో జేమ్స్ అంతకు ముందు నెలలోనే ఫ్రాన్సుకు పారిపోయాడు. రాజుకూ ప్రజలకూ మధ్య ఉన్న మూల ఒడంబడికను ఆయన భంగపరచాడని, దేశం విడిచి వెళ్లి పదవిని త్యజించాడని, సింహాసనం ఖాళీగా ఉందని కామన్స్ సభ జనవరి 28న తీర్మానించింది. ప్రభువుల సభ ‘త్యజించాడు’ అన్న మాట దగ్గరా, ‘ఖాళీ’ అన్న మాట దగ్గరా కొన్నాళ్లు అడ్డుపడి చివరకు ఒప్పుకుంది.

ఈ తీర్మానాన్ని హాబ్స్ ముందు పెడితే మొదటి వాక్యమే చెల్లదు. ఒడంబడిక ప్రజలు తమలో తాము చేసుకున్నది. సార్వభౌముడు అందులో పక్షమే కాడు కనుక దాన్ని భంగపరచలేడు. కానీ రక్షించే శక్తి ఉన్నంతవరకే విధేయత అన్నది కూడా ఆయన సూత్రమే. కాబట్టి జేమ్స్ తప్పు చేసినందుకు కాదు, రక్షించలేని స్థితికి చేరినందుకు ప్రజలకు విముక్తి లభిస్తుంది. లాక్ లెక్కలో ప్రభుత్వం రద్దయినా సమాజం రద్దు కాదు. అధికారం సమాజానికి తిరిగి వస్తుంది, నమ్మకద్రోహం జరిగిందా అన్నది ప్రజలే తేలుస్తారు. రూసోకు ఈ మీమాంసే అనవసరం. ప్రభుత్వ స్థాపన ఒప్పందమే కాదు, ప్రజలు కొందరికి అప్పగించిన పని. నేరం రుజువు చేయకుండానే దాన్ని వెనక్కు తీసుకోవచ్చు. అయితే తీసుకోవలసింది ప్రతినిధుల సభ కాదు, ప్రజలే. ఆంగ్లేయులు పార్లమెంటు సభ్యులను ఎన్నుకునే సమయంలో మాత్రమే స్వతంత్రులని ఆయన రాశారు.

ఎదురుగాలి: లైబ్రరీగారు హాబ్స్‌కు న్యాయం చేశారు కానీ లాక్‌ను తేలికగా వదిలేశారు. ప్రజలే తేలుస్తారంటే ఏ ప్రజలు? సగం మంది ద్రోహమని, సగం మంది కాదని అంటే ఎవరి మాట చెల్లాలి? భూమిపై న్యాయమూర్తి లేనప్పుడు దైవానికి మొరపెట్టుకోవాలని లాక్ అంటారు. అక్కడ ఆ మాటకు అర్థం ఆయుధం పట్టడమే. హాబ్స్ భయపడిందీ అదే.

పాత లైబ్రరీ: ఆక్షేపణ బలమైనది. లాక్ సమాధానం ఏమిటంటే, చిన్న తప్పులకు జనం తిరగబడరు, దుర్వినియోగాలు వరుసగా సాగి అన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయని స్పష్టమైనప్పుడే కదులుతారు. నక్కల బెడద తప్పించుకోవడానికి సింహాల నోట పడటం క్షేమమనుకునేంత మూర్ఖులు మనుషులు కారన్న ఆయన మాట నిరంకుశత్వాన్ని సమర్థించేవారిని ఉద్దేశించినదే. పైగా హాబ్స్ ఇల్లు కూడా బిగువుగా లేదు. మరణశిక్ష పడినవాడికి ఎదిరించే స్వేచ్ఛ ఆయనే ఇచ్చారు. మరణదండన తప్పని నేరం చేసినవారు చాలామంది ఉంటే, ప్రాణరక్షణకు ఏకం కావచ్చని కూడా అన్నారు. క్షమాభిక్ష ఇవ్వజూపితే తప్ప, ఓడిన తిరుగుబాటుదారులకు ఆయుధం దించడానికి కారణమే లేకుండా పోయింది.

కొత్త పాఠకురాలు: అయితే రూసో మార్గంలో ఆయుధం లేకుండానే తేలుతుందా?

పాత లైబ్రరీ: తేలాలనే ఆయన ఉద్దేశం. చట్టం నిర్ణయించిన తేదీన, ఎవరూ పిలవకుండానే ప్రజలు సమావేశమై రెండు ప్రశ్నలపై వేర్వేరుగా ఓటు వేయాలి. ఇప్పటి ప్రభుత్వ రూపం కొనసాగాలా అన్నది మొదటిది, ఇప్పుడు పదవిలో ఉన్నవారి చేతిలోనే పాలన ఉండాలా అన్నది రెండోది. రాజ్యం చాలా చిన్నదైతే తప్ప ఇది సాధ్యం కాదని ఆయనే అంగీకరించారు. ప్రజలు చెడిపోరు కానీ తరచు మోసపోతారని కూడా ఆయనే అన్నారు. ఆ మోసాన్ని ఎవరు గుర్తించాలన్న దానికి నాకు తృప్తి కలిగించే జవాబు ఆయన గ్రంథంలో దొరకలేదు.

ఎదురుగాలి: ఆ సమావేశాన్నే ప్రభుత్వం జరగనివ్వకపోతే?

పాత లైబ్రరీ: అలా అడ్డుకున్నవాడు చట్టాన్ని అతిక్రమించినట్లూ, రాజ్యానికి శత్రువైనట్లూ తనంతట తానే బహిరంగంగా ప్రకటించుకున్నట్లని రూసో అంటారు.

ఎదురుగాలి: ప్రకటించుకున్నాడే అనుకుందాం. దాన్ని విని, అవును నిజమే అని తీర్పు చెప్పి అమలు చేసేది మళ్లీ ఎవరండీ?