"బుజ్జి తింటాడు" అంటాడు, "తింటాను" అనడు

పలాస శైలు:
మా బాబుకి 22 నెలలు. మా అత్తగారు వాడితో ఎప్పుడూ "బుజ్జిగాడు బువ్వ తింటాడా, లాల పోసుకుంటాడా" అంటారు, నాకూ అదే అలవాటైపోయింది. మా ఆయనేమో పెద్దవాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడండి, ఇలాగైతే వాడికి వాక్యం ఎప్పుడొస్తుంది అని గొడవ. వాడు ఆకలేస్తే "బుజ్జి తింటాడు" అంటాడే గానీ "తింటాను" అనడు. ఈ తేలిక మాటలు పిల్లలకి వ్యాకరణం నేర్పుతాయా, చెడగొడతాయా?

రాజాం మాస్టారు:
మీ ఆయన చెప్పిందే నిజం అమ్మా. సమోవా దీవుల్లో పెద్దవాళ్లు పిల్లల కోసమని మాట తేలిక చేయరని ఎలినార్ ఓక్స్ అనే ఆవిడ రాసింది, పాపువా న్యూగినీలో కలూలీ వాళ్లూ అంతేనని బాంబీ షీఫ్లిన్ రాసింది. అక్కడి పిల్లలందరూ శుభ్రంగా మాట్లాడుతున్నారు కదా. మనమేమో బువ్వ, లాల, అప్పచ్చి అని నేర్పి మళ్లీ అన్నం, స్నానం, పిండివంట అని మార్పిస్తాం. డబల్ పని. ముద్దుకి తప్ప దేనికీ పనికిరాదు.

ఇచ్ఛాపురం కుర్రోడు:
మా ఇంట్లోనూ ఇదే టెన్షన్. మా మామ్మ "ఏటిరా, అమ్మ వస్తాది ఉండు" అంటుంది, మా పాప కూడా "వస్తాది" అనే నేర్చుకుంది. రేపు స్కూల్లో నవ్వుతారేమో. మామ్మతో మాట్లాడనివ్వడం తగ్గించమంటారా?

బొబ్బిలి భాషపిచ్చి:
కుర్రోడి గారూ, మీది వేరే సంగతి. "వస్తాది" మన ఊరి మాట, దానికి పూర్తి వ్యాకరణం ఉంది, మామ్మ పాపతో అన్నా పక్కింటావిడతో అన్నా అదే అంటుంది కదా. అది తేలిక చేసిన మాట కాదు. మామ్మని వదిలేయండి.

మాస్టారూ, సమోవా సంగతి మీరు చెప్పింది సరే, తేలిక మాట లేకపోయినా పిల్లలకి భాష వస్తుందని దాంతో తెలుస్తుంది. కానీ ఉంటే చెడుపు అని దాంట్లోంచి తేలదు. బువ్వ, లాల దగ్గర వ్యాకరణం ఎక్కడ తగ్గింది చెప్పండి. "బువ్వలో నెయ్యేశాను", "లాల పోసుకుంటావా" అంటే లో, ఆవా రెండూ వాటి చోట్లోనే ఉన్నాయి. మారింది పేరు ఒక్కటే. అన్నం అనే మాట రేపు దానంతటదే వస్తుంది.

పొట్టి వాక్యాల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. 1977లో న్యూపోర్ట్, గ్లైట్‌మన్ దంపతులు అనే పరిశోధకులు 15 మంది తల్లుల్ని, వాళ్ల కూతుళ్లని చూశారు. తల్లి వాక్యాలు ఎంత పొట్టిగా ఉంటే పిల్ల వ్యాకరణం అంత తొందరగా పెరగాలి కదా, అలా కనబడలేదు. పైగా తల్లుల మాట అంత సులువుగానూ లేదు, సగానికి పైగా ప్రశ్నలూ, ఇది చెయ్యి అది చెయ్యి అనే ఆజ్ఞలూ. రెండేళ్లకే, 1979లో, ఫరో వాళ్లు ఏడుగురు పిల్లల్ని చూసి, తేలిక మాట మేలే చేస్తుందన్నారు. ఏడుగురూ, పదిహేను మందీ, అంతంత చిన్న లెక్కల మీద దశాబ్దాలు కొట్టుకున్నారు.

బొబ్బిలి భాషపిచ్చి:
శైలు గారూ, పైదంతా మాస్టారికి. మీ వాడి "బుజ్జి తింటాడు" దగ్గర నేను చూసేది బువ్వని కాదు, "బుజ్జిగాడు తింటాడా"ని. వాడితో మాట్లాడుతూ నువ్వు అనకుండా పేరు పెడుతున్నారు. ఇంగ్లీషులో అలా చేస్తే పోయేది కొంచెమే. తెలుగులో పేరు పెట్టగానే క్రియ చివర కూడా మారిపోతుంది, "తింటావా" పోయి "తింటాడా" వస్తుంది. మీరు కూడా "అమ్మ వస్తుంది" అంటే "వస్తాను" పోతుంది. అంటే వాడి చెవిలో పడాల్సిన ను, వు రెండూ తగ్గుతున్నాయి.

అలాగని పేరు మానేసి రోజంతా "తింటావా, తింటావా" అన్నా అంత సులువు కాదు. వాడికి తన గురించి వినబడేది ఎప్పుడూ "వు"నే. అందుకే కొందరు పిల్లలు "తింటావా" అంటే "తింటావు" అని జవాబిస్తారు. ను అంటే మాట్లాడేవాళ్లది, వు అంటే వినేవాళ్లది అని తెలియాలంటే ఇద్దరు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం పక్కనుంచి చూడాలి. ఒషిమా తకానే అనే పరిశోధకురాలు 1988లో ఇదే పరీక్షించింది, 19 నెలల వయసు పిల్లలతో. అమ్మా నాన్నా నేను, నువ్వు అని ఒకరితో ఒకరు అనుకోవడం చూసిన పిల్లలు సరిగ్గా వాడారు, తమతో మాత్రమే అలా అనిపించుకున్న పిల్లలు తడబడ్డారు.

మీ వాడిది ఏ రకమో తెలుసుకోవాలంటే వాడి చెప్పు వాడి చేతికే ఇచ్చి "ఇది ఎవరిది" అని అడగండి. "బుజ్జిది" అంటే పేరు అలవాటు మాత్రమే. "నీది" అంటే నీ, నా తారుమారు అవుతున్నాయి.

చీపురుపల్లి తాతయ్య:
ఈ మాట మా ఇంట్లో నేను కళ్లారా చూశానమ్మా. పెద్ద మనవరాలు రెండేళ్లు దాటినా "పాపకి ఇయ్యి" అనేది. చిన్నది మాత్రం పక్కనే అక్కతో కొట్లాటలు వినీ వినీ ఇరవై నెలలకే "నాది, నీది కాదు" అని లాక్కునేది. చిన్నది తెలివైనదని అందరం అనుకున్నాం.

బొబ్బిలి భాషపిచ్చి:
తాతయ్య గారూ, అదే ఒషిమా తకానే వాళ్లు 1996లో 21, 24 నెలల దగ్గర మొదటి పిల్లలనీ రెండో పిల్లలనీ పోల్చారు. మిగతా భాషలో పెద్ద తేడా లేదు, నేను, నువ్వు లాంటి మాటల్లో మాత్రం రెండోవాళ్లు ముందున్నారు.

రాజాం మాస్టారు:
అంటే నేనన్నదే కదా, పెద్దల మాట వినాలి. తేలిక మాట వల్ల కాదు.

బొబ్బిలి భాషపిచ్చి:
ఈ ఒక్క విషయానికి మీరన్నది ఒప్పుకుంటాను మాస్టారూ. అన్నిటికీ కాదు. మెక్సికోలో మాయన్ ఊళ్లో పిల్లల చుట్టూ మాట బోలెడంత ఉంటుంది, అయినా వాళ్ల మాటల సంఖ్య వాళ్లతో నేరుగా మాట్లాడినదాంతోనే ముడిపడి ఉందని 2012లో చూశారు. అది మాటల లెక్క, వ్యాకరణం లెక్క కాదనుకోండి.

మన ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. శైలు గారు భర్తని "తింటారా" అంటారు, అత్తగారినీ "తింటారా" అంటారు. వాళ్లు శైలు గారిని "తింటావా" అన్నా, ఆవిడ వాళ్లని తిరిగి "తింటావా" అనరు, కాబట్టి వాడికి "నువ్వు" ఒకవైపే వినబడుతుంది. "తింటావా" రెండువైపులా వినాలంటే అక్కచెల్లెళ్లో, ఒకరినొకరు నువ్వు అనుకునే స్నేహితులో ఉండాలి. తెలుగు పిల్లల మీద ఇది ఎంత పని చేస్తుందో నా ఊహే.

పలాస శైలు:
చెప్పు ఇచ్చి అడిగాను. "బుజ్జిది" అన్నాడు, మళ్లీ నా చెప్పు చూపించి "అమ్మది" అన్నాడు. నీది, నాది రెండూ అనలేదు. ఆదివారం మా చెల్లి వస్తోంది, మేమిద్దరం నువ్వు, నేను అనే మాట్లాడుకుంటాం, వాణ్ని మధ్యలో కూర్చోబెట్టి జీడిపప్పు ప్లేటు పెట్టి "నువ్వు తింటావా", "తింటాను" అనుకుంటాం. మా అత్తగారికి మాత్రం బువ్వ మానెయ్యమని నేను చెప్పలేను, మాస్టారూ, మీరు కావాలంటే చెప్పండి.